తెలుగు పలచగా లేదు, చిన్నగా ఉంది

ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం నిలబడి ఉంటే పక్కనున్న పెద్దాయన గోడ మీది పోస్టర్ చూపించి, "అదేందో చదివి చెప్పబ్బయా, ఇంగ్లీషు బాగానే కనపడతా ఉండాది, మన రాతే ఆనడంలా" అన్నాడు. చూస్తే ఉచిత కంటి వైద్య శిబిరం పోస్టర్. పైన తెలుగులో హెడ్డింగు, దాని కింద అదే సంగతి ఇంగ్లీషులో, ఇంకా కిందికి రెండు భాషల్లోనూ తేదీ, చోటు, ఏమేం తెచ్చుకోవాలో. శుక్లాలు వచ్చి చూపు మందగించిన వాళ్లని పిలవడానికి అంటించిన కాగితం మీద, వాళ్లకి వచ్చిన భాషే వాళ్ల కంటికి ఆనలేదు. నాకైతే అప్పట్నుంచి ఆ సంగతి మనసులోంచి పోలేదు.

కొన్నాళ్లకి ఆ పోస్టర్ ఫైలే, తర్వాతి శిబిరానికి తేదీ మార్చి మళ్లీ వేసిపెట్టమని, నెల్లూరులో డీటీపీ షాపు నడిపే ఒకాయన దగ్గరికి వచ్చింది. నేను అన్నా అని పిలుస్తాను. ఇరవై ఏళ్ల పైగా ఇదే పనిలో ఉన్నాడు, చేతిలో పనితనం ఉన్న మనిషి. బస్టాండు సంగతి చెప్పగానే, "తెలుగు పలచగా ఉండాదిలే, రెండు పాయింట్లు అవుట్‌లైన్ కొడితే సరిపోద్ది" అన్నాడు.

ఆ మాట మీదే మా ఇద్దరికీ చాలాసేపు వాదన నడిచింది. అన్న ఒక్కడే కాదు, నేను చూసిన డీటీపీ షాపుల్లో ఎక్కువమంది ఇదే అంటారు, ఇదే చేస్తారు. తెలుగు ఇంగ్లీషు పక్కన తేలిపోతే గీత లావు చేయడమే మార్గం అనుకుంటారు. నేననేది ఏంటంటే, రెండు లిపులు ఒక కాగితం మీద కలిసి ఉన్నప్పుడు ముందు చూడాల్సింది సైజు, తర్వాత గీత మందం, ఆఖర్న రంగు. రంగు అంటే ఎరుపూ నీలమూ కాదు, కాస్త దూరం జరిగి కళ్లు చికిలించి చూస్తే ఒక పేరా మొత్తం ఎంత నల్లగా, లేదా ఎంత బూడిదగా కనపడుతుందో అది. ఈ వరస తప్పి ముందే మందం మీద చెయ్యి పెడితే, ఆ తర్వాత ఎన్ని సరిచేసినా తెలుగు మసిబారిపోతుంది తప్ప ఇంగ్లీషుకి సమానం కాదు.

పాయింటు కొలిచేది అక్షరాన్ని కాదు

ఫైలు తెరిచి చూస్తే రెండు హెడ్డింగులూ 120 పాయింట్లలోనే ఉన్నాయి. "చూడు, సైజు సమానమే గదా" అన్నాడు అన్న. గొడవంతా అక్కడే ఉంది. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి 120 పాయింట్లంటే 42 మిల్లీమీటర్ల పైచిలుకు. కానీ ఆ 42 మిల్లీమీటర్లు అక్షరం ఎత్తు కాదు, అక్షరం కూర్చునే కనపడని గడి ఎత్తు. ఆ గడిలో అక్షరం ఎంత పెద్దగా ఉండాలన్నది ఫాంటు చేసినవాళ్ల ఇష్టం. మన నెల్లూరులో స్థలం అంకణాల్లో కొంటాం కదా, పాయింటు కూడా అలాంటి స్థలం కొలతే గానీ ఇంటి కొలత కాదు. ఇంగ్లీషాయన తన స్థలంలో ముప్పాతిక దాకా ఇల్లు కట్టేసుకున్నాడు, తెలుగాయన కింద ఒత్తులకీ పైన గుడులకీ ఖాళీ వదలాలి కాబట్టి సగం కూడా కట్టుకోలేకపోయాడు. పట్టా మీద మాత్రం ఇద్దరికీ ఒకే అంకణాలు.

అందుకని మెనూలో అంకెలు పక్కన పెట్టి, హెడ్డింగు ముక్కని అసలు సైజులో ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి స్టీలు స్కేలుతో కొలిచాం. ఏ అక్షరాన్ని కొలుస్తామన్నది ఇక్కడ ముఖ్యం. తలకట్టు ఉన్న త, న, వ లాంటివి కొలిస్తే ఒంటి ఎత్తు తెలియదు. బ, ల, జ, ట లాంటి వాటికి తలకట్టు ఉండదు కాబట్టి అక్షరం ఒళ్లు ఎంతుందో వాటిలో తేటగా తెలుస్తుంది. హెడ్డింగులో బకి గుడి ఉంది గనక పక్కన ఒక ఉత్త బ కొట్టి కొలిచాం. ఇంగ్లీషు వైపు కూడా చిన్న అక్షరాల ఎత్తు చూడాలంటే ఎక్స్ కంటే ఓ మంచిది, ఎందుకంటే గుండ్రటి అక్షరాలు గీతని పైనా కిందా వెంట్రుకవాసి దాటేలా గీస్తారు, మన అక్షరాలేమో దాదాపు అన్నీ గుండ్రమే.

ఆ పోస్టర్‌లో ఇంగ్లీషు హెడ్డింగు మొత్తం పెద్దక్షరాల్లో ఉంది. ఒక్కోటి 30 మిల్లీమీటర్లు. తెలుగు బ 19 మిల్లీమీటర్లు, త తలకట్టుతో కలిపితే 22 చిల్లర. అంటే సమానం అనుకున్న సైజుల్లో తెలుగు ఒళ్లు ఇంగ్లీషులో మూడింట రెండొంతుల కంటే తక్కువ.

ఇప్పుడు గీత మందం. ఇంగ్లీషు బోల్డులో నిలువు గీత 6.3 మిల్లీమీటర్లు, తెలుగులో గీత లావుగా ఉన్న చోట 3.8. ఈ రెండంకెలు చూపించి అన్న, "చెప్పాగా, పలచగానే ఉండాది" అన్నాడు. పక్కపక్కన పెడితే పలచనే, కాదనను. కానీ ఆ 6.3ని 30తో పోల్చండి, ఈ 3.8ని 19తో పోల్చండి. రెండూ అయిదో వంతు దగ్గరే ఆగుతాయి. అంటే తన ఒంటికి తగ్గ లావు తెలుగు అక్షరానికి ముందే ఉంది. ఆ ఫాంటు గీసినవాళ్లు పని సరిగ్గానే చేశారు. తక్కువైంది ఎత్తు. ఎత్తు తక్కువైన అక్షరం గీత ఎలాగూ సన్నగానే ఉంటుంది, దాన్ని మనం చూసి బరువు తక్కువనుకుంటున్నాం.

అవుట్‌లైన్ వేస్తే ఏమవుతుంది

అన్న ఊరుకోలేదు, వేసి చూపించాడు, వేయనివ్వడమే మంచిదైంది. రెండు పాయింట్ల అవుట్‌లైన్‌లో సగం బయటికీ సగం లోపలికీ పోతుంది కాబట్టి గీతకి అటూ ఇటూ ఒక్కో పాయింటు, అంటే మూడోవంతు మిల్లీమీటరు కలిసింది. 3.8 కాస్తా 4.5 అయింది. చాలలేదు. నాలుగు పాయింట్లు చేస్తే 5.2 అయింది. హెడ్డింగు నల్లబడింది, నిజమే. కానీ అదే చేత్తో వివరాల పేరాకి కూడా ఒక పాయింటు అవుట్‌లైన్ తగిలించాడు, అక్కడ బండారం బయటపడింది.

ఆ పేరాలో "శుక్లాలకు ఉచిత శస్త్రచికిత్స" అని ఉంది. శస్త్రచికిత్స అన్న మాటని దగ్గరగా చూడండి. స కింద త ఒత్తు, దాంతోపాటు ర ఒత్తు, రెండక్షరాలు పోగానే త కింద స ఒత్తు. ఒత్తులంటే చిన్నగా గీసిన అక్షరాలు, వాటి లోపల తెలుపే తక్కువ. అవుట్‌లైన్‌కి పెద్దా చిన్నా తేడా తెలియదు, లావు గీతకీ సన్నగీతకీ ఒకే కొలత అంటిస్తుంది. దాంతో పై అక్షరానికి పావువంతు మందం పెరిగితే ఒత్తుకి దాదాపు అర్ధం పెరిగి, లోపలి సందులు పూడుకుపోయి, కింద ఒక నల్లటి ముద్ద మిగిలింది. ఇంకో రెండు లైన్ల కింద "ఆధార్ కార్డు జిరాక్సు తెచ్చుకోవాలి" అని ఉంది, అక్కడ ధ అడుగున ఉండే చిన్న చీలిక మూసుకుపోయి అది ద అయి కూర్చుంది. ఆధార్ అన్నది అందరికీ తెలిసిన మాట కాబట్టి గడిచిపోతుంది, మందు పేరో ఊరి పేరో అయితే గడవదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బోల్డు లేని ఫాంటుకి సాఫ్ట్‌వేరులో బి బటన్ నొక్కినా జరిగేది ఇదే. అది వేరే గీసిన బోల్డు కాదు, ఉన్న అక్షరాన్నే ఉబ్బించడం. నిజంగా బోల్డు గీసేవాళ్లు గీత లావు చేస్తున్నప్పుడే లోపలి సందుల్ని కాపాడుకోవడానికి అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తారు, ఒత్తు గీతని మిగతా గీతల కంటే తక్కువ పెంచుతారు. గుర్తుపట్టడం తేలిక. ఒక ధనీ, ఒక థనీ, శస్త్ర అన్న ముక్కనీ కొట్టి, రెగ్యులరూ బోల్డూ పైనా కిందా పెట్టి చూడండి. వెడల్పు ఏమీ మారకుండా లోపలి తెలుపు మాత్రమే తగ్గితే అది ఉబ్బరం.

ఇంగ్లీషునే తెలుగు దగ్గరికి తేవాలి

ఇక సరిచేయడం. ఇక్కడ నా పట్టుదల ఒకటుంది, ముందు తెలుగు కుదుర్చుకుని, దానికి తగ్గట్టు ఇంగ్లీషుని మార్చాలి. భాషాభిమానంతో అంటున్న మాట కాదు. మన డీటీపీల్లో ఇప్పటికీ ఎక్కువగా నడిచేవి అను ఫాంట్లు. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన చోట్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు కాబట్టి ఇంగ్లీషు కావాలంటే వేరే ఫాంటు తెచ్చుకోక తప్పదు, జత కుదిరిందా లేదా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. యూనికోడ్‌కి వచ్చినా మండలి, రామభద్ర, సురవరం లాంటివి ఒక్కో బరువులోనే దొరుకుతాయి. ఇంగ్లీషులో అయితే లైటు, రెగ్యులర్, సెమీబోల్డ్, బోల్డ్ అంటూ వరసగా మెట్లున్న ఫాంట్లు కావల్సినన్ని. కదలగలిగింది ఇంగ్లీషే, దాన్నే కదిలించాలి.

తెలుగు హెడ్డింగుని అవుట్‌లైన్ తీసేసి 165 పాయింట్లకి పెంచాం. ఒళ్లు 26 మిల్లీమీటర్లు అయింది, తలకట్టుతో 31, గీత దానంతటదే 5.2. అవుట్‌లైన్‌తో తెచ్చుకున్న మందమే ఇది, కానీ లోపలి తెలుపు కూడా అదే దామాషాలో పెరిగింది కాబట్టి ఎక్కడా పూడలేదు.

ఇంగ్లీషు 120 పాయింట్లలోనే ఉంచి, పెద్దక్షరాల హెడ్డింగుని మాటకో పెద్దక్షరం చొప్పున మార్చాం. అన్నకి నచ్చనిది ఇదే. "పెద్దక్షరాలుంటే హుందాగా ఉంటది" అంటాడు. ఆ హుందాతనం ఎక్కడిదంటే, పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో గోడ కట్టినట్టు నిలబడి ఒక నల్లటి పట్టీ అవుతాయి. తెలుగుకి పెద్దా చిన్నా అక్షరాలు లేవు, పైన గుళ్లూ కింద ఒత్తులూ ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ పట్టీ పక్కన తెలుగు ఎంత లావున్నా చెదిరినట్టే కనపడుతుంది. చిన్నక్షరాల్లోకి దిగితే ఇంగ్లీషుకి కూడా పైకీ కిందికీ కొమ్మలు వస్తాయి, రెండింటి వాలకం ఒకటవుతుంది. ఇప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరం ఎత్తు 23 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ, పెద్దక్షరం 30. తెలుగు ఒళ్లు 26, తలకట్టు 31. అంటే తెలుగు అక్షరం ఒళ్లు ఇంగ్లీషు చిన్నక్షరాన్ని కాస్త దాటి, తలకట్టు పెద్దక్షరం నెత్తి దగ్గరికి చేరింది. నేనైతే ఏ జతకైనా ఇక్కడి నుంచే మొదలుపెడతాను. తెలుగు ఒళ్లు కచ్చితంగా ఇంగ్లీషు చిన్నక్షరం అంతే ఉండాలని కొందరంటారు గానీ, శ, ఘ, ఝ లాంటి వాటిలో ఇంగ్లీషు ఓలో కంటే ఎక్కువ గీతలు ఇమడాలి, వాటికి ఆ కాస్త ఎక్కువ చోటు కావాలి.

మందం దగ్గర ఇంగ్లీషుని బోల్డు నుంచి సెమీబోల్డుకి దించాం. గీత 5 మిల్లీమీటర్లు. తెలుగు 5.2. చూడ్డానికి దాదాపు సమానం. లెక్కకి వస్తే తెలుగు గీత తన ఒంటిలో అయిదో వంతు, ఇంగ్లీషు గీత తన చిన్నక్షరంలో అంతకంటే కొంచెం ఎక్కువ. అదే కావాలి. ఒకే చదరంలో ఎక్కువ గీతలున్న లిపికి గీత ఒక పిసరు సన్నగా ఉంటేనే రెండూ ఒకే నలుపులో కనపడతాయి. అందుకే మెనూలో బరువు దగ్గర 700, 700 అని ఒకే అంకె ఉందని రెండు వేరే ఫాంట్లని సమానం అనుకోవడం కుదరదు. ఆ అంకె ఒక కుటుంబంలో ఏది అన్న, ఏది తమ్ముడు అనేది చెబుతుంది గానీ, రెండు కుటుంబాల మధ్య ఎవరు ఎంత లావో చెప్పదు.

"అంత బాధెందుకు, రెండు లిపులూ ఉన్న ఫ్యామిలీ తీసుకుంటే పోలా" అని మీరు అడగొచ్చు. సగం ఒప్పుకుంటాను. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు 2, హింద్ గుంటూర్ లాంటివి బరువుల మెట్లతో వస్తాయి, వాటిలో రెండు లిపుల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకునే చేశారు. కొత్తగా మొదలుపెట్టే పనికి నేనూ అవే తీసుకోమంటాను. కానీ అక్కడ కుదిర్చింది మామూలు మాటల సగటుకి. మన పోస్టర్‌లో సగటు మాటలు రావు, శస్త్రచికిత్స వస్తుంది, పక్కన ఇంగ్లీషులో చిన్న మాట వస్తుంది. కొలిచే పని తగ్గుతుందేమో, మానడానికి మాత్రం వీల్లేదు. పైగా మన దగ్గరికొచ్చే ఫైళ్లు సగం పాత ఫైళ్లే, ఈ పోస్టర్ లాగా.

రంగు దగ్గర అంకె కూడా మోసం చేస్తుంది

వివరాల పేరాలు తెలుగు 36 పాయింట్లు, ఇంగ్లీషు 26. హెడ్డింగులో కుదిరిన దామాషానే. తెలుగు లైన్ల మధ్య 45 పాయింట్లు ఇవ్వక తప్పలేదు, అంతకంటే దగ్గరికి లాగితే పై లైను స్త్ర ఒత్తులు కింది లైను గుడిని తగులుతున్నాయి. ఇంగ్లీషుకి 34 ఇచ్చాం.

రెండు పేరాల నలుపు ఎంతో చూడ్డానికి ఫోటోషాప్‌లో తేలిక దారి ఉంది. పేజీని గ్రేస్కేల్‌లో తెరిచి, తెలుగు పేరా మీద ఒక పెట్టె ఎంచుకుని Filter > Blur > Average కొడితే ఆ పెట్టె మొత్తం ఒకే బూడిద రంగు అవుతుంది, ఇంగ్లీషు పేరాకీ అలాగే చేసి రెండు బూడిదల్నీ పక్కపక్కన చూడొచ్చు. పెట్టె లైను అడుగు నుంచి మొదలై లైను అడుగుతోనే అయిపోవాలి, లైను మధ్యలో తెగితే లెక్క తప్పుతుంది. కమాండ్ లైను అలవాటున్న వాళ్లకి ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇదే పని, తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలున్న రెండు ముక్కలు కత్తిరించి పెట్టుకుంటే చాలు:

```
magick telugu.png -colorspace Gray -format "%[fx:100*(1-mean)]" info:
magick english.png -colorspace Gray -format "%[fx:100*(1-mean)]" info:
```

వచ్చే అంకె నూటికి ఎంత చోట సిరా పడిందో చెబుతుంది. మాకు తెలుగు 15, ఇంగ్లీషు 18 వచ్చాయి. ఇక్కడ తొందరపడి తెలుగు ఇంకా పలచగా ఉందనుకోకూడదు. ఆ 15లో లైన్ల మధ్య ఖాళీ కూడా కలిసి ఉంది, తెలుగుకి ఖాళీ ఎక్కువ. లైను లైనుగా చూస్తే తెలుగు నలుపు సరిగానే ఉంది. ఈ అంకెని పట్టుకుని తెలుగుని లావు చేస్తే లైన్లు చారలు చారలుగా తేలి, సగటు కుదిరీ పేరా చెడుతుంది.

కాబట్టి సగటు ఒక్కటే చూడకుండా Gaussian Blur కూడా వేసి చూడాలి, అక్షరం ఒంటి ఎత్తులో సగం అంత రేడియస్‌తో. అక్షరాలు కరిగిపోయి లైన్లు మాత్రం పట్టీలుగా మిగులుతాయి. రెండు పేరాల్లోనూ పట్టీల నలుపు ఒకేలా ఉందా అన్నది మొదటి ప్రశ్న, పట్టీల మధ్య తెలుపు ఒకేలా ఉందా అన్నది రెండోది. మాకు మొదటిది కుదిరింది, రెండోది కుదర్లేదు. తెలుగు లైన్లు దగ్గరికి రావు కాబట్టి ఇంగ్లీషు లైన్లని 34 నుంచి 38కి జరిపాం. సిరా అంతే ఉండి చోటు పెరిగింది గనక 18 కాస్తా 16కి దిగింది. తెలుగు 15. అక్కడ ఆపేశాం. ఇంకా జరిపితే ఇంగ్లీషు లైన్లు ఒకదానికొకటి సంబంధం లేనట్టు విడిపోతాయి.

స్త్ర లాంటి గుంపు ఉన్న చోట బ్లర్‌లో ఒక నల్ల మచ్చ వస్తుంది. ఒక మచ్చ ఉంటే ఫరవాలేదు, తెలుగులో అది సహజం. అలాంటివి రెండు మూడు ఒకే లైనులో పడితే నేను లైను విరుపు మార్చి వాటిని విడదీస్తాను, ఫాంటుని ముట్టుకోను.

ఇన్ని చెప్పాను గానీ తెర మీద చూసిందేదీ ఆఖరి మాట కాదు. హెడ్డింగూ, ఒక పేరా ముక్కా అసలు సైజులో ప్రింటు తీసి షాపు గోడకి అంటించి పది అడుగుల దూరం నుంచి చూడాలి, వీలైతే చూపు తగ్గిన మనిషికి చూపించాలి. శుక్లం ఉన్న కంటికి నలుపూ తెలుపూ మధ్య తేడా తగ్గి పొగమంచులోంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి సన్నగీతలూ పూడిన సందులూ ముందు మాయమవుతాయి. అన్న వాళ్ల నాన్నగారికి ఇంకా ఆపరేషన్ కాలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మూడు కాగితాలూ చూపించాం, మొదటిదీ, అవుట్‌లైన్ వేసిందీ, కొత్తదీ. మొదటిదాంట్లో హెడ్డింగు పట్టుకున్నాడు, పేరా చదవలేదు. అవుట్‌లైన్ దానికి, "ఇది నల్లగుండాది గానీ ఏందో అర్థం కావట్లా" అన్నాడు. కొత్తదాంట్లో ఆధార్ కార్డు లైను దాకా చదువుకుంటూ వచ్చాడు. ఒక్క మనిషి చదివితే రుజువైపోయినట్టు కాదని నాకూ తెలుసు. కానీ నల్లగా ఉండటం వేరు, చదవడానికి కుదరడం వేరు అన్నది ఆయన నోట వచ్చాక అన్న అవుట్‌లైన్ మాట ఎత్తలేదు.

సమానంగానే ఉండాలా?

ఒక ప్రశ్న నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఆ పల్లెల్లో ఇంగ్లీషు చదివి శిబిరానికి వచ్చేవాళ్లు ఎంతమంది, రెండూ సమానంగా ఉండాలని ఎందుకు పట్టుబట్టాలి, తెలుగే పెద్దది చేసి ఇంగ్లీషు చిన్నగా కింద పెట్టేస్తే చాలదా? చాలు. ఈ పోస్టర్‌కి అదే ఇంకా మంచిదేమో కూడా. శిబిరం నడిపేవాళ్లు డబ్బిచ్చే వాళ్లకి ఫోటోలు పంపాలి కాబట్టి ఇంగ్లీషు సమానంగా కావాలన్నారు, అందుకని సమానం చేశాం. కానీ ఒక భాషని చిన్నది చేయాలనుకున్నా ముందు సమానం ఎక్కడుందో తెలియాలి. అది తెలిస్తే, ఇంగ్లీషుని సగానికి దించాలంటే నిజంగా సగానికే దిగుతుంది. తెలియకపోతే తెలుగు పెద్దగా పెట్టామనుకుని 120కి బదులు 140 పెట్టి, కంటికి ఇంకా ఇంగ్లీషే పెద్దగా కనపడే పోస్టర్ వేస్తారు. బస్టాండు గోడ మీద ఉన్నది అలాంటి తెలియనితనమే, తెలుగుని చిన్నచూపు చూడాలని ఎవరూ అనుకోలేదు.

ఇంకో మాట అంకెల గురించి. తెలుగు లైను మధ్యలో వచ్చే తేదీ, ఉదయం 9 గంటలు, ఫోను నంబరు, ఇవన్నీ ఇంగ్లీషు ఫాంటులోంచి వస్తే వాటిని ఇంగ్లీషు సైజులోనే ఉంచాలి. అన్న అలవాటుగా లైను మొత్తం ఎంచుకుని 36 చేసేశాడు, ఫోను నంబరు గుడుల్ని కూడా దాటి పైకి పొడుచుకొచ్చింది. 26కి దించితే అంకె నెత్తి తలకట్టు దగ్గర ఆగింది. మందం ముందే కుదిర్చాం కాబట్టి ఇంకేం చేయాల్సిన పని రాలేదు.

పేజీ అడుగున ముదురు నీలం పట్టీ మీద తెల్లటి అక్షరాల్లో చోటు పేరుంది. అక్కడ మా కొలతలు పని చేయలేదు. తెర మీద తెల్లక్షరం నల్లక్షరం కంటే లావుగా కనపడుతుంది, మ్యాప్‌లితో కాగితం మీద అచ్చులో మాత్రం చుట్టూ ఉన్న నీలం సిరా పీల్చుకుని అక్షరంలోకి పాకుతుంది, సన్నగీతలు సగం పోతాయి. ఇంగ్లీషు అయితే సెమీబోల్డు నుంచి మళ్లీ బోల్డుకి ఎక్కించి తప్పించుకోవచ్చు. తెలుగుకి పై మెట్టు లేదు. సైజు పెంచుదామంటే మండలం పేరుతో కలిపి పట్టీలో పట్టలేదు. ఆఖరికి పట్టీ తీసేసి చోటు పేరు తెల్ల మీద నలుపులోనే వేశాం, శిబిరం వాళ్లు నీలం ఉండాల్సిందే అన్నందుకు పైన ఒక నీలం గీత ఉంచాం. ఆసుపత్రి పేరు మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే పోయింది, దాని మీద అన్నా నేనూ ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.